అక్షరం కుదరలేదా? నాలుగు పేర్లతో తీరే చిక్కు

హైదరాబాద్‌లో కొత్తగా తల్లిదండ్రులైన వాళ్ళకు బారసాల దగ్గర పడేసరికి మూడు ప్రశ్నలు ఒకేసారి వచ్చి పడతాయి. ఎప్పుడు చేయాలి, ఏ అక్షరంతో పేరు పెట్టాలి, ఎంతమందిని పిలవాలి. మొదటిదీ మూడోదీ నలుగురు కూర్చుని మాట్లాడుకుంటే తేలిపోతాయి. ఇల్లు రెండు పక్షాలుగా చీలేది రెండోదాని దగ్గరే. పురోహితుడు ఒక అక్షరం చెబుతాడు, ఫోనులోని యాప్ ఇంకొకటి చూపిస్తుంది. తాతగారి పేరు ఆ రెండింటికీ కుదరదు. భార్యాభర్తలు గర్భం నాటి నుంచీ మనసులో పెట్టుకున్న పేరు దేనికీ కుదరదు. అందుకని ఈ వ్యాసంలో ఎక్కువ చోటు అక్షరానికే ఇస్తున్నాను. అది విడిపోతే వేడుక ముప్పావు గంటలో ముగిసిపోతుంది.

ముందు రోజు సంగతి. బిడ్డ పుట్టాక పది రోజులు పురుడు. పదకొండో రోజు ఇల్లు కడిగి, తల్లీబిడ్డలకు స్నానాలు చేయించి, పుణ్యాహవాచనం జరిపించి, ఆ రోజే పేరు పెట్టడం పాత పద్ధతి. మనుస్మృతి పదో రోజో పన్నెండో రోజో అంటుంది, అది కుదరకపోతే మంచి తిథి, మంచి నక్షత్రం చూసుకోమంటుంది. గడువు దాటితే దోషమేమోనని బెంగపడేవాళ్ళు ఆ చివరి మాట గుర్తుంచుకుంటే చాలు. తెలంగాణ ఇళ్ళలో చాలామంది ఇరవై ఒకటో రోజున తొట్టెల వేస్తారు, పేరూ అప్పుడే. కోస్తా వైపు పదకొండో రోజూ ఉంది, ఇరవై ఒకటో రోజూ ఉంది, మూడో నెలా ఉంది. సిజేరియన్ అయిన తల్లి పదకొండో రోజున పీట మీద గంటసేపు కూర్చోవడం కష్టం. కుట్లు ఇంకా పచ్చిగానే ఉంటాయి. పదకొండో రోజు పుణ్యాహవాచనం వరకు ఇంట్లో వాళ్ళతో కానిచ్చి, పేరు, ఊయల ఇరవై ఒకటో రోజుకో ఆ తర్వాత వచ్చే ఆదివారానికో పెట్టుకోవడం ఇప్పుడు నగరంలో మామూలైపోయింది. పీటకు బదులు కుర్చీ వేసినా మంత్రం మారదు.

ఇక అక్షరం. పంచాంగం చివరి పేజీల్లో ఒక పట్టిక ఉంటుంది. అశ్వినికి చూ, చే, చో, లా. రోహిణికి ఓ, వా, వీ, వూ. ఇలా 27 నక్షత్రాలకు నాలుగేసి పాదాల చొప్పున అక్షరాలు. పుట్టిన సమయానికి చంద్రుడు ఏ నక్షత్రంలో, అందులో ఏ పాదంలో ఉన్నాడో చూసి, ఆ పాదానికి ఎదురుగా ఉన్న అక్షరంతో పేరు మొదలుపెట్టమంటారు. దీని పేరు అవకహడ చక్రం. ఇది ఎలా తయారైందో చాలామందికి తెలియదు. తెలిస్తే సగం భయం పోతుంది.

దీన్ని కృత్తిక నుంచి చదవాలి. అ, వ, క, హ, డ అనే ఐదక్షరాలు తీసుకుని ఒక్కోదానికీ అ, ఇ, ఉ, ఎ, ఒ అనే ఐదు స్వరాలు వరసగా చేర్చుకుంటూ పోతారు. అ, ఇ, ఉ, ఎ కృత్తికకు. ఒ, వ, వి, వు రోహిణికి. వె, వొ, క, కి మృగశిరకు. ఐదైదులు ఇరవై ఐదు అక్షరాలు. కానీ కృత్తిక నుంచి ఆశ్లేష వరకు ఏడు నక్షత్రాలు, వాటికి ఇరవై ఎనిమిది పాదాలు. మూడు తక్కువ పడ్డాయి. ఆ మూడూ ఆర్ద్ర దగ్గర పూరించారు: కు తర్వాత ఘ, ఙ, ఛ. మఖ నుంచి విశాఖ వరకు మ, ట, ప, ర, త. అక్కడా మూడు తక్కువ, వాటిని హస్తలో పూరించారు: పు తర్వాత ష, ణ, ఠ. మూడో వరసలో పూర్వాషాఢ, నాలుగో వరసలో ఉత్తరాభాద్ర ఇలాగే మూడేసి అదనపు అక్షరాలు తీసుకున్నాయి. మొత్తం నాలుగు వరసలు, వందక్షరాలు, పైన పన్నెండు. నూట పన్నెండు.

నూట పన్నెండు అంటే ఇరవై ఎనిమిది నక్షత్రాల లెక్క. ఇప్పుడు మనం వాడేది ఇరవై ఏడు. ఆ ఇరవై ఎనిమిదోది అభిజిత్తు, ఉత్తరాషాఢకూ శ్రవణానికీ మధ్యన ఉండేది. దాన్ని లెక్కలోంచి తీసేశాక దాని అక్షరాలు జూ, జే, జో, ఖా ఎవరికి చెందాలన్న దగ్గర తేడా వచ్చింది. కొన్ని పట్టికల్లో శ్రవణానికి అవే కనిపిస్తాయి, కొన్నింటిలో ఖీ, ఖూ, ఖే, ఖో కనిపిస్తాయి. శ్రవణా నక్షత్రంలో పుట్టిన బిడ్డకు ఇద్దరు పురోహితులు రెండు రకాల అక్షరాలు చెబితే ఇద్దరిలో ఒకరికి రాదని అనుకోవద్దు. ఇద్దరి దగ్గరున్న పట్టికలు వేరు, అంతే.

ఇంకో సంగతి. ఆర్ద్ర మూడో పాదానికి ఙ, హస్త మూడో పాదానికి ణ. ఈ అక్షరాలతో మొదలయ్యే పేరు తెలుగులో గానీ సంస్కృతంలో గానీ మనిషికి పెట్టుకునేలా దొరకదు. పట్టిక అక్షరాల వరసను బట్టి తయారైంది గానీ పిల్లలకు ఉండే పేర్లను చూసి తయారైంది కాదు. ఈ సంగతి పురోహితులకు ఎప్పటినుంచో తెలుసు. అందుకే ణ వస్తే న తీసుకోమంటారు, లేదా అదే నక్షత్రంలో ఇంకో పాదం అక్షరం తీసుకోమంటారు. ణ తో పేరు కోసం రాత్రంతా ఇంటర్నెట్ వెతికి, ఎవరో కల్పించిన అర్థంలేని పేరు పెట్టుకునే తల్లిదండ్రులను చూస్తే జాలి వేస్తుంది.

పాదం ఎలా లెక్క కట్టాలో ఒక ఉదాహరణతో చూద్దాం. మాకు తెలిసిన జంట నిజాంపేటలో ఉంటున్నారు. అతనిది గుంటూరు వైపు, ఆమెది సిద్దిపేట వైపు. మాఘ బహుళంలో, ఉదయం 10:20కి బాబు పుట్టాడు, హస్తా నక్షత్రం. ఆమె పుట్టింటి పురోహితుడి పంచాంగంలో హస్త ముందు రోజు రాత్రి 9:10కి మొదలై ఆ రోజు రాత్రి 8:50కి ముగుస్తుంది. మొత్తం 23 గంటల 40 నిమిషాలు. దాన్ని నాలుగు భాగాలు చేస్తే ఒక్కో పాదం 5 గంటల 55 నిమిషాలు. మొదటి పాదం తెల్లవారుజామున 3:05 వరకు, రెండోది ఉదయం 9:00 వరకు, మూడోది మధ్యాహ్నం 2:55 వరకు. 10:20 మూడో పాదంలో పడుతుంది. అక్షరం ణ.

అతని తండ్రిగారి దగ్గరున్న పంచాంగం వేరే. అందులో హస్త రాత్రి 11:40కి మొదలై మర్నాడు రాత్రి 11:30 వరకు ఉంది. ఒక్కో పాదం దాదాపు ఆరు గంటలు. ఈ లెక్కన రెండో పాదం ఉదయం 5:37 నుంచి 11:35 వరకు. అదే 10:20 ఇక్కడ రెండో పాదమైంది. అక్షరం ష.

లెక్క ఇద్దరిదీ సరైనదే. తెలుగునాట రెండు రకాల పంచాంగాలు చెలామణిలో ఉన్నాయి. ఒకటి పాత సూర్యసిద్ధాంత గణితం మీద నడిచే పూర్వపద్ధతి పంచాంగం, రెండోది చంద్రుడు ఆకాశంలో నిజంగా ఎక్కడున్నాడో చూసుకుని సరిచేసిన దృక్ పంచాంగం. రెండింటి మధ్య నక్షత్రం మొదలయ్యే వేళలో గంటల తేడా రావచ్చు. మన ఫోన్లలోని యాప్‌లు చాలావరకు దృక్ పద్ధతినే వాడతాయి. కాబట్టి యాప్‌కూ, ఇంటి పురోహితుడికీ పొంతన కుదరకపోతే ఆసుపత్రి సమయాన్ని అనుమానించే ముందు ఎవరిది ఏ పద్ధతో అడగాలి.

సమయం గురించి చాలామంది అనవసరంగా కంగారుపడతారు. శిశువు బయటికి వచ్చిన క్షణమా, బొడ్డు కోసిన క్షణమా, డాక్టరు గడియారమా, నర్సు గడియారమా అని. పాదం దాదాపు ఆరు గంటలు ఉంటుంది కాబట్టి నాలుగు నిమిషాల తేడా పాదాన్ని మార్చేది సరిహద్దుకు దగ్గరగా పుట్టినప్పుడే. ఈ బాబు విషయంలో తల్లి పుట్టింటి పురోహితుడిది దృక్ లెక్క, దాని ప్రకారం సరిహద్దు 9:00, పుట్టింది 10:20. గంటా ఇరవై నిమిషాల ఎడం ఉంది, పేచీ లేదు. అదే 9:02కి పుట్టి ఉంటే అప్పుడు నిజంగా అడగాల్సి వచ్చేది. లగ్నం సంగతి వేరు. అది సుమారు రెండు గంటలకొకసారి మారుతుంది, అక్కడ నిమిషాలకు విలువ ఉంది. కానీ పేరు అక్షరానికి లగ్నంతో పని లేదు.

ఇంకో ప్రశ్న కూడా వస్తుంది. బిడ్డ హైదరాబాద్‌లో పుడితే విజయవాడ పంచాంగం చూడవచ్చా అని. నక్షత్రం మారే క్షణం దేశమంతటా ఒకటే. గడియారం సమయంలో ఇచ్చిన పంచాంగమైతే ఏ ఊరిదైనా పనికి వస్తుంది, పద్ధతి ఒకటై ఉండాలి, అంతే. ఘడియల్లో ఇస్తే మాత్రం అది ఆ ఊరి సూర్యోదయం నుంచి లెక్క, మన ఊరికి సవరించుకోవాలి. విదేశంలో పుట్టిన మనవడికి ఇక్కడి పంచాంగం చూసే తాతలు ముందు అక్కడి సమయాన్ని మన సమయంలోకి మార్చుకోవాలి. ఇది మరిచిపోయి ఏకంగా నక్షత్రమే మార్చేసిన సందర్భాలున్నాయి.

సరే, మన జంట దగ్గరికి వద్దాం. ఒక పక్క ణ, ఇంకో పక్క ష. తాతగారికి మనవడి పేరులో కోటేశ్వరుడు ఉండాలి, ఎందుకంటే వాళ్ళది కోటప్పకొండ మొక్కు. అమ్మమ్మకు కొమురవెల్లి మల్లన్న పేరు రావాలి. భార్యాభర్తలకు మాత్రం ఆదిత్య అని ఎప్పుడో స్థిరపడింది. అ అక్షరం హస్తకు రాదు, కృత్తికది.

ఇక్కడ చాలామందికి గుర్తులేని సంగతి ఒకటుంది. నామకరణం అంటే ఒక్క పేరు పెట్టడమని ధర్మశాస్త్ర గ్రంథాలు చెప్పలేదు. నాలుగు రకాల పేర్లు చెప్పాయి. ఇష్టదైవానికో కులదైవానికో సంబంధించినది ఒకటి, పుట్టిన నెలను బట్టి వచ్చేది ఒకటి, నక్షత్రాన్ని బట్టి వచ్చేది ఒకటి, లోకం పిలుచుకునే వ్యవహార నామం ఒకటి. నెల పేర్లు స్థిరంగా ఉన్నాయి: మార్గశిరానికి కృష్ణ, పుష్యానికి అనంత, మాఘానికి అచ్యుత, ఫాల్గుణానికి చక్రి, ఇలా కార్తీకానికి పుండరీకాక్ష వరకు. నక్షత్రం పేరు ఇంట్లో వాళ్ళకే తెలిసి ఉండాలని, బయట వాడకూడదని కూడా ఒక సంప్రదాయం ఉంది. మరి బడిలో హాజరు పట్టీ మీద ఉండే పేరుకు నక్షత్రాక్షరం ఉండాలని పట్టుబట్టడం ఎంతవరకు సంప్రదాయం? నన్నడిగితే, అది పాత పద్ధతి మీద గౌరవం కంటే పంచాంగం పట్టిక ఇటీవల అందరి ఫోన్లలోకీ వచ్చేయడం వల్ల పెరిగిన పట్టుదల.

ఈ పట్టుదలకు ఒక కారణం మాత్రం ఉంది, దాన్ని తీసిపారేయకూడదు. ముందు తరాల్లో పుట్టిన వేళ రాసి పెట్టుకోని ఇళ్ళు చాలా ఉండేవి. పెళ్ళికి పొంతన చూడాల్సి వస్తే పిలిచే పేరు మొదటి అక్షరాన్ని బట్టి నక్షత్రం ఊహించేవారు. దాన్నే నామనక్షత్రం అంటారు. పేరే జాతకంలా పనిచేసింది. ఇప్పుడు పుట్టిన తేదీ, సమయం, ఊరు ఆసుపత్రి కాగితం మీద ఉంటాయి. వాటిని ఒక నోటుపుస్తకంలో రాసి, ఏ పద్ధతి పంచాంగం చూశారో కూడా పక్కన రాసి పెడితే, పాతికేళ్ళ తర్వాత పేరును బట్టి ఊహించాల్సిన పని రాదు.

నిజాంపేట ఇంట్లో చివరికి ఇలా తేలింది. తండ్రివైపు పంచాంగమే తీసుకున్నారు, ఆ ఇంట్లో ఆబ్దికాలకూ పండుగలకూ అదే చూస్తారు కాబట్టి. ఒక పనికి ఒక పంచాంగం, ఇంకో పనికి ఇంకో పంచాంగం అని మార్చుకుంటూ పోతే ఎప్పటికీ తేలదు. ష తో షణ్ముఖ అనే పేరు నక్షత్ర నామమైంది. సిద్దిపేట పురోహితుడికి ఫోను చేసి చెబితే ఆయన నవ్వి, "బాగుందమ్మా, ష తర్వాత అక్షరం నా ణ నే" అన్నాడట. మాసనామం అచ్యుత. కులదైవం పేరు కోటేశ్వర. లోకానికి ఆదిత్య. అమ్మమ్మ మాత్రం, "మీ నాలుగు పేర్లూ మీరు పెట్టుకోండి, నేను మల్లన్నా అనే పిలుస్తాను" అంది. ముద్దుపేరుకు శాస్త్రం అడ్డుచెప్పదు, కాగితమూ అడ్డుచెప్పదు. అల్లుడు కూడా, "అలాగే అత్తయ్యా, వాడికి మీరు పెట్టిన పేరు అదే" అన్నాడు.

పాపకైతే కూడా మార్గం ఇదే. పాత గృహ్యసూత్రాలు మగపిల్లలకు సరిసంఖ్య అక్షరాలు, ఆడపిల్లలకు బేసిసంఖ్య అక్షరాలు ఉండాలన్నాయి. ఆడపిల్ల పేరు పలకడానికి తేలికగా, అర్థం స్పష్టంగా, చివర దీర్ఘంతో ఉండాలని మనుస్మృతి. మగపిల్లవాడికైనా తేలిగ్గా పలకగలగడం, అర్థం స్పష్టంగా ఉండడం మంచి కొలతలే. సంఖ్యాశాస్త్రం పేరుతో ఇంగ్లీషు స్పెల్లింగులో అదనపు అక్షరాలు చేర్చేవాళ్ళ సంగతి తర్వాత చెబుతాను.

ఇప్పుడు వేడుక. హాలు మాట్లాడి మూడు వందల మందికి భోజనాలు పెట్టేవాళ్ళ గురించి నాకు చెప్పడానికేమీ లేదు. ఫ్లాటులో, ఇరవై పాతికమంది మధ్య, తల్లికి అలసట రాకుండా చేయాలనుకునేవాళ్ళకు కావలసింది ఇంతే: పసుపు గణపతి పూజ, కలశం పెట్టి పుణ్యాహవాచనం, ఆ నీళ్ళు మామిడాకుతో ఇంటా, మనుషుల మీదా చల్లడం, నామకరణ సంకల్పం, బియ్యంలో పేరు రాయడం, చెవిలో చెప్పడం, ఊయలలో వేయడం, హారతి. నక్షత్రశాంతి అవసరమని పురోహితుడు చెబితే దాన్ని విడిగా ఇంకో రోజు పెట్టుకోవాలి. హోమాన్నీ, బారసాలనూ ఒకే పూటలో కలిపేస్తే పసివాడు పొగలో గంటన్నర ఉండాల్సి వస్తుంది.

బియ్యంలో రాయడమే ఈ వేడుకకు గుండెకాయ. వెడల్పైన పళ్ళెంలో బియ్యం వేలు లోతున పరచాలి. లోతు తక్కువైతే గీత కింద పళ్ళెం కనబడి అక్షరం చెదురుతుంది, ఎక్కువైతే బియ్యం జారి గీత పూడిపోతుంది. నిజాంపేట ఇంట్లో భోజనాల పెద్ద పళ్ళేనికి కిలోన్నర సరిపోయింది. తండ్రి బంగారు ఉంగరంతో పేరు రాస్తాడు. నాలుగు పేర్లున్నాయి కాబట్టి ఇక్కడ ఒక ఏర్పాటు చేసుకున్నారు. మొదటి మూడు పేర్లూ ఒక్కొక్కటి రాసి, అందరూ చూశాక బియ్యం సర్ది, చివర్లో వ్యవహార నామం రాశారు, అది చెరపలేదు. కోటేశ్వర అని తాతగారు రాశారు. చేయి కాస్త వణికింది, ట పక్కన గీత ఒకటి అదనంగా పడింది, ఎవరూ సర్దబోలేదు. ఆదిత్య అన్నది తండ్రి మొదలుపెట్టి త్య దగ్గర ఆపితే తల్లి పూర్తి చేసింది. ఆ తర్వాత తండ్రి బాబు కుడి చెవిలో మూడుసార్లు పేరు చెప్పాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఈ ఒక్క నిమిషం ఫోన్లు దించితే బాగుంటుంది. బాబు ఏడుపు మొదలుపెట్టేది సాధారణంగా ఫ్లాష్ వెలుగుకే, మంత్రానికి కాదు.

తేనె సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. పేరు రాసిన ఉంగరాన్ని తేనెలో ముంచి బిడ్డ నాలుకకు రాయడం చాలా ఇళ్ళలో ఉంది. ఏడాది నిండని బిడ్డకు తేనె పెట్టకూడదు. తేనెలో క్లాస్ట్రిడియం బొట్యులినం అనే సూక్ష్మజీవి బీజాలు ఉండే అవకాశం ఉంది. పెద్దవాళ్ళ పేగుల్లో అవి పెరగవు, పసిబిడ్డ పేగుల్లో పెరిగి విషం తయారుచేయగలవు. మలబద్ధకం, పాలు సరిగ్గా తాగకపోవడం, ఏడుపు సన్నబడడం, మెడా కాళ్ళూచేతులూ వాలిపోవడం దాని లక్షణాలు. తేనె ఎంత శుద్ధమైనదైనా, పుట్టమీద నుంచి తెచ్చినదైనా ఇది తప్పదు. "ఒక్క చుక్కకేం అవుతుంది" అనే పెద్దవాళ్ళతో వాదించే బదులు, ఉంగరాన్ని తల్లిపాలతో తడిపి పెదవికి తాకించడం కొందరు చేస్తున్నారు. ఉంగరం ముందుగా వేడినీళ్ళలో కడగాలి. పురోహితుడికి ఒక రోజు ముందే ఫోనులో చెబితే ఆయనే పెద్దవాళ్ళకు సర్దిచెబుతాడు. ఆ మాట ఆయన నోట వస్తే ఇంట్లో గొడవ ఉండదు.

ఊయల దగ్గర మేనత్తది పెద్దపీట. ఊయల కట్టించేది, బిడ్డను అందుకునేది, పాట మొదలుపెట్టేది చాలా ఇళ్ళలో ఆమే. మేనమామ మొలతాడో, వెండి గిన్నో, శక్తికొద్దీ బంగారమో తెస్తాడు. ముత్తైదువులు ఊయల చుట్టూ నిలబడి బిడ్డను కిందనుంచి పైకి ఒకరి చేతి నుంచి ఒకరు అందుకుంటారు. కొన్ని ఇళ్ళలో బిడ్డకంటే ముందు సన్నికల్లు పొత్రానికి పసుపు రాసి, బొట్టు పెట్టి ఊయలలో వేసి ఊపుతారు. అది ఊయల బరువును పరీక్షించే ఉపాయంగా మొదలైందని నా అనుమానం. ఎలా మొదలైనా ఫ్లాటులో ఆ పరీక్ష ఇప్పుడూ పనికొస్తుంది. చీర ఊయల కట్టే కొక్కెం కాంక్రీటు స్లాబులోకి దిగి ఉండాలి. హాల్లో అందంగా కనిపించే పీఓపీ సీలింగుకు బిగించిన కొక్కెం దీపాల కోసం, ఊయల కోసం కాదు. స్లాబు కొక్కెం లేకపోతే స్టాండున్న తొట్టె అద్దెకు తెచ్చుకోవడం మేలు. పూల అలంకరణ చేసేవాళ్ళు తొట్టె లోపలివైపు దండలు, పూసలు, గుండుసూదులు పెట్టకుండా చూసుకోవాలి.

పాత్రలు పంచేటప్పుడు తప్పిపోయేది పెద్దబిడ్డ. ఐదేళ్ళ అక్కకో అన్నకో ఆ రోజు చేయడానికి ఏదో ఒకటి ఉండాలి. బియ్యం పళ్ళెం పట్టుకోవడం, పేరు చెప్పగానే అందరికంటే ముందు గట్టిగా పిలవడం వాళ్ళకు సరిపోయే పనులు. విదేశంలో ఉన్న మేనత్త వీడియో కాల్‌లో ఉంటే ఆమెకు ఒక పని ముందే కేటాయించాలి. జోలపాట ఆమె పాడితే, ఇక్కడ ఆమె తరఫున ఇంకొకరు ఊయల ఊపవచ్చు. సమయం తేడా చూసుకుని ముహూర్తం పెట్టుకుంటే ఆమె అర్ధరాత్రి లేవక్కర్లేదు. ఉదయం తొమ్మిదింటి ముహూర్తం అమెరికా వాళ్ళకు ముందు రోజు రాత్రి అవుతుంది, ఇంకా మెలకువగానే ఉంటారు.

తల్లి చేత బావిలో చేద వేయించి నీళ్ళు తోడించడం ఇరవై ఒకటో రోజు ఆచారం. బావి లేని నగరంలో బిందె నిండా నీళ్ళు పట్టి, దానికి పసుపు కుంకుమలు పెట్టి పూజ చేయిస్తున్నారు. ఆ బిందె తల్లి చేత ఎత్తించవద్దు, సిజేరియన్ అయితే అసలే వద్దు. చేత్తో తాకితే చాలు.

వేడుక ముగిశాక మిగిలేది కాగితం. ఇక్కడ తొందరపాటే ఎక్కువ నష్టం చేస్తుంది. జననం 21 రోజుల్లోపు నమోదు కావాలి. ఆసుపత్రిలో పుడితే ఆ వివరాలు మున్సిపల్ అధికారులకు పంపే బాధ్యత ఆసుపత్రిదే. కానీ అప్పటికి పేరు ఉండి తీరాలని చట్టం అనదు. పేరు లేకుండానే జననం నమోదు చేయవచ్చు. నమోదైన తేదీ నుంచి 12 నెలల్లోపు పేరు చేర్పించుకుంటే రుసుము ఉండదు, ఆ తర్వాత 15 ఏళ్ళ వరకు ఆలస్య రుసుముతో చేర్చుకోవచ్చు. కాబట్టి డిశ్చార్జి రోజున ఎవరో ఫారం ఇచ్చి పేరు రాయమంటే, ఇంకా తేలని పేరు రాయవద్దు. ఖాళీగా వదిలేయండి. చేర్చడం సులువు, చేర్చిన పేరును మార్చడం కష్టం. చట్టం రిజిస్టరులోని పొరపాట్లు దిద్దడానికి ఒప్పుకుంటుంది గానీ, మనసు మారిందని పేరు మార్చడం ఆ పొరపాటు కిందికి రాదు.

ఈ కాగితం విలువ ఇటీవల పెరిగింది. 2023లో జనన మరణ నమోదు చట్టాన్ని సవరించారు. 2023 అక్టోబరు 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికి, ఆధార్‌కు, ఓటరు జాబితాకు, డ్రైవింగ్ లైసెన్సుకు, ప్రభుత్వోద్యోగానికి పుట్టిన తేదీ, స్థలం రుజువు చేసేది జనన ధ్రువపత్రమే. పదో తరగతి సర్టిఫికెట్‌లో సరిచేసుకోవచ్చులే అనే పాత ధీమా ఈ తరానికి పనికిరాదు.

నిజాంపేట జంట దరఖాస్తు పెట్టే ముందు ఒక కాగితం మీద ఇంగ్లీషులో పేరును మూడు రకాలుగా రాసి చూసుకున్నారు: Aditya, Adithya, Aaditya. తెలుగులో మూడూ ఒకటే, కంప్యూటరుకు మూడూ వేర్వేరు మనుషులు. సంఖ్యాశాస్త్రం తెలిసిన బంధువు ఒకాయన ముందు ఇంకో a చేరిస్తే మంచిదన్నాడు. అతను వినయంగా, "బాబాయ్, ఆ అక్షరం వాడు జీవితాంతం ప్రతి కౌంటరు దగ్గరా విడమరచి చెప్పుకోవాలి" అని Aditya దగ్గర ఆగాడు. ఇంటిపేరు కూడా పొడి అక్షరంగా కాకుండా పూర్తిగా రాయించారు. పాస్‌పోర్టు ఫారంలో ఇంటిపేరుకు విడిగా గడి ఉంటుంది. పొడి అక్షరంతో ధ్రువపత్రం తీసుకుంటే ఆ గడి దగ్గర ప్రశ్నలు మొదలవుతాయి. తల్లిదండ్రుల పేర్లు కూడా వాళ్ళ ఆధార్‌లో ఎలా ఉన్నాయో అలాగే ఉండాలి. ఆమె ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరే ఉంది, ఆసుపత్రి పంపిన వివరాల్లో అత్తింటి ఇంటిపేరు పడింది. పేరు చేర్చే దరఖాస్తుతో పాటే దాన్నీ సరిచేయమని అడిగారు. ధ్రువపత్రం చేతికొచ్చాక అందులో ఐదు చూసుకున్నారు: బాబు పేరు, పుట్టిన తేదీ, తల్లి పేరు, తండ్రి పేరు, చిరునామా. అవన్నీ సరిపోయాకే బాల ఆధార్‌కు వెళ్ళారు.